బకాయి బిల్లుకు నాలుగు ఉత్తరాలు

(పుదుచ్చేరిలో చిన్న పరిశ్రమల ఖాతాదారులు, రుణ విభాగాల సిబ్బంది కలిసి కూర్చున్న సమావేశంలో ఒక రుణ అధికారి చేసిన ప్రసంగ పాఠం)



ముందు వరసల్లో మెట్టుపాలయం, తట్టాంచావడి పారిశ్రామిక వాడల నుంచి వచ్చిన ఖాతాదారులు ఉన్నారు. వెనక మన సహోద్యోగులు ఉన్నారు. యానాం నుంచి బదిలీ మీద వచ్చినవాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. నన్ను మాట్లాడమన్న విషయం వినడానికి చాలా చిన్నది. సరుకు పంపాం, గడువు దాటింది, డబ్బు రాలేదు. అప్పుడు కొన్నవాళ్ళకు గుర్తుచేస్తూ ఉత్తరాలు ఎలా రాయాలి? మొదటి ఉత్తరానికీ చివరి ఉత్తరానికీ మధ్య మాట తీరు ఎలా మారాలి?

ఖాతాదారు రాసుకునే ఉత్తరాలతో బ్యాంకు వాడికి పనేమిటని మీరు అడగవచ్చు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఒకావిడ ఫైలు చూశాక ఆ అభిప్రాయం మారింది. ఆవిడ పేరు, కొన్నవాళ్ళ పేరు చెప్పను. లెక్క సులువుగా ఉండటానికి అంకెలను గుండ్రం చేసి చెబుతాను.

ఆవిడది అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్. పన్నెండు మంది పనివాళ్ళు. మన దగ్గర క్యాష్ క్రెడిట్ ఖాతా ఉంది. 2023లో ఒక బిల్లు డబ్బు రాక ఖాతా ఇబ్బందిలో పడితే, "మీరేం ప్రయత్నం చేశారమ్మా?" అని అడిగాను. ఫైలు తెచ్చి చూపించారు. అందులో ఆరు ఉత్తరాలు ఉన్నాయి. మొదటి అయిదూ అక్షరం తేడా లేకుండా ఒకటే. తేదీ మాత్రం మారింది. "మా బిల్లు విషయం దయతో పరిశీలించగలరని ప్రార్థన" అని అయిదుసార్లు. ఆరోది మాత్రం ఎవరో చెబితే రాసింది: "వెంటనే కట్టకపోతే పోలీసు కేసు పెడతాం."

అయిదు నెలల పాటు ప్రార్థించి, ఆరో నెలలో హఠాత్తుగా కేకలు వేస్తే ఏమవుతుంది? మొదటి అయిదు ఉత్తరాలు కొన్నవాళ్ళకు ఒక సంగతి నేర్పాయి: ఈవిడ ఉత్తరానికి జవాబు ఇవ్వకపోయినా ఏమీ జరగదు. ఆరోది ఇంకొకటి నేర్పింది: ఈవిడకు చట్టం తెలియదు. మామూలు బిల్లు బకాయి సివిల్ వ్యవహారం, పోలీసు స్టేషన్‌లో తేలేది కాదు. వాళ్ళు కోపం తెచ్చుకుని, సరుకు బాగాలేదని వంక పెట్టి, కొంత కోసుకుని మిగతాది పంపారు. ఆర్డర్లు కూడా ఆపేశారు.

మరుసటి ఏడాది ఇంకో కంపెనీతో అలాంటి పరిస్థితే వచ్చింది. ఈసారి ఆవిడ ముందే వచ్చారు. అప్పుడు రాసినవి నాలుగే ఉత్తరాలు. ఈరోజు నేను చెప్పబోయేది వాటి గురించే. ఆవిడ ఇంగ్లీషులో రాశారు, నేను తెలుగులో చెబుతాను.

ముందు తేదీలు గుర్తుపెట్టుకోండి. సరుకు 2024 ఫిబ్రవరి 5న వాళ్ళ గోడౌన్‌లో దిగింది. బిల్లు జీఎస్టీతో కలిపి 4 లక్షలు. కొన్న కంపెనీ తమిళనాడులో ఉంది. ఆర్డరులో 45 రోజుల గడువు రాసుకున్నారు. అంటే మార్చి 21కి డబ్బు రావాలి. రాలేదు.

మొదటి ఉత్తరం మార్చి 26న వెళ్ళింది. ఉత్తరం రాసేముందు ఆవిడను ఒకటే అడిగాను: "దీన్ని ఎవరు చదువుతారు?" ఆవిడ కాసేపు ఆలోచించి, "అకౌంట్స్‌లో ఒక అబ్బాయి ఉంటాడు సార్" అన్నారు. సరిగ్గా అదే విషయం. గడువు దాటిన అయిదో రోజున మీ ఉత్తరం డైరెక్టరు చదవడు, బిల్లులు ఎక్కించే గుమాస్తా చదువుతాడు. అతనికి మీ మీద ద్వేషమూ లేదు, మీ బిల్లు ఆపే అధికారమూ లేదు. చాలాసార్లు బిల్లు వాళ్ళ సిస్టంలోకి ఎక్కకపోవడమే కారణం. అందుచేత మొదటి ఉత్తరం అతని పని తేలిక చేసేలా ఉండాలి. ఆవిడ ఇలా రాశారు:

"ఫిబ్రవరి 5న మేం పంపిన పెట్టెల బిల్లుకు గడువు మార్చి 21తో ముగిసింది. మొత్తం రూ. 4,00,000. ఈపాటికే పంపి ఉంటే యూటీఆర్ నంబరు తెలియజేయండి చాలు. బిల్లు మీకు చేరకపోయినా, కాగితాల్లో లోటు ఏదైనా ఉన్నా చెప్పండి, ఈరోజే పంపుతాం."

దానికి జతచేసినవి: బిల్లు నకలు, వాళ్ళ గోడౌన్ ముద్ర పడిన డెలివరీ చలానా, ఆర్డరు నంబరు, మన ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్ కోడ్. ఇందులో ప్రార్థన లేదు, నింద కూడా లేదు. తప్పు ఎవరిదో తేల్చకుండా, ఇద్దరిలో ఎవరిదైనా కావచ్చునన్న ధోరణిలో ఉంది. ఎదుటివాళ్ళు పరువు పోకుండా డబ్బు పంపడానికి ఇదే చివరి అవకాశం. ఆలస్యమైన బిల్లుల్లో చాలా వాటికి ఈ ఒక్క ఉత్తరం సరిపోతుంది.

ఈ బిల్లుకు సరిపోలేదు. ఫోనుచేస్తే "వచ్చేవారం మేడమ్" అన్నారు. ఆ వచ్చేవారం రెండుసార్లు వచ్చి వెళ్ళింది.

రెండో ఉత్తరం ఏప్రిల్ 10న. నా దృష్టిలో నాలుగింటిలోనూ ముఖ్యమైనది ఇదే. చాలామంది దీన్నే పాడుచేసుకుంటారు. ఆవిడ మొదట తెచ్చిన చిత్తులో ఇలా ఉంది: "పనివాళ్ళకు జీతాలు ఇవ్వలేకపోతున్నాం, బ్యాంకు వాళ్ళు ఒత్తిడి చేస్తున్నారు, మా పరిస్థితి అర్థం చేసుకోండి." నేను ఆ మూడు వాక్యాలూ కొట్టేయమన్నాను. ఆవిడకు కష్టం తోచింది. "అది నిజమే కదా సార్" అన్నారు. నిజమే. కానీ ఆ మాట చదివిన కొనుగోలు మేనేజరుకు ఏం తెలుస్తుంది? ఈవిడకు డబ్బు అత్యవసరమని తెలుస్తుంది. "పది శాతం తగ్గించుకుంటే రేపే వేస్తాం" అని బేరం అక్కడే మొదలవుతుంది. పైగా మన కష్టం చెప్పుకుంటే, రావలసిన బాకీ కాస్తా వాళ్ళు చేసే ఉపకారంగా మారిపోతుంది.

విన్నపం స్థానంలో రెండో ఉత్తరంలో ప్రశ్నలు ఉండాలి. ఆవిడ మూడు అడిగారు. సరుకు నాణ్యత మీదగానీ, లెక్క మీదగానీ మీకు అభ్యంతరం ఉందా? లేకపోతే బిల్లు ఏ దశలో ఆగింది? ఏ తేదీన చెల్లిస్తారు? ఏప్రిల్ 17లోగా జవాబు ఇవ్వండి. అకౌంట్స్ మేనేజరు పేరున రాసి, కొనుగోలు విభాగానికి నకలు పంపారు.

మాటలో మర్యాద తగ్గలేదు, కానీ "ఈపాటికే పంపి ఉంటే" అన్న మొహమాటం పోయింది. జవాబు ఇవ్వవలసిన బాధ్యత ఇప్పుడు వాళ్ళది. మొదటి ప్రశ్న ఎందుకో చెబుతాను. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, సరుకు అందిన 15 రోజుల్లోగా కొన్నవాళ్ళు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే సరుకును అంగీకరించినట్టు లెక్క. మన కేసులో ఆ 15 రోజులు ఫిబ్రవరి 20తో అయిపోయాయి. ఒక్క కాగితమూ రాలేదు. అయినా మనమే అడగాలి. అడగకపోతే ఆరు నెలల తర్వాత "పెట్టెలు చెమ్మగిల్లాయి" అన్న మాట పుట్టుకొస్తుంది. ముందటి ఏడాది ఆవిడకు జరిగింది అదే.

ఏప్రిల్ 15న మెయిల్ వచ్చింది. సరుకు మీద అభ్యంతరం లేదు, నిధుల సర్దుబాటు వల్ల ఆలస్యం, ఏప్రిల్ 30న చెల్లిస్తాం అని. రెండే వాక్యాలు. ఆవిడ నిరాశపడ్డారు, "మళ్ళీ వాయిదానే కదా సార్" అని. నేను ఆ మెయిల్ ముద్రించి ఫైలు మొదట్లో పెట్టమన్నాను. డబ్బు రాలేదు నిజమే, కానీ బాకీ ఉన్నట్టు వాళ్ళే రాసి ఇచ్చారు. ఇలాంటి బిల్లు కోసం దావా వేయడానికి మామూలుగా మూడేళ్ళ కాలపరిమితి ఉంటుంది. మనం ఎన్ని ఉత్తరాలు రాసినా ఆ మూడేళ్ళు ఒక్క రోజు కూడా పెరగవు. గడువులోపల బాకీదారు బాకీని ఒప్పుకుంటూ రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి కాలపరిమితి మళ్ళీ కొత్తగా మొదలవుతుంది. మన రాతకంటే వాళ్ళ రాతకు విలువ ఎక్కువ. రెండో ఉత్తరం రాసేది ఆ రాత సంపాదించడానికే.

ఏప్రిల్ 30 దాటింది. డబ్బు రాలేదు.

ఇక్కడ మన సహోద్యోగులకు ఒక మాట. ఆవిడ పరిమితి షరతుల ప్రకారం, బిల్లు తేదీ నుంచి 90 రోజులు దాటిన బుక్ డెట్స్ డ్రాయింగ్ పవర్ లెక్కలోకి రావు. ఫిబ్రవరి 5 బిల్లుకు 90 రోజులు మే 5తో నిండుతాయి. మార్జిన్ 40 శాతం. అంటే ఆ తర్వాత ఆవిడ ఖాతాలో 2,40,000 రూపాయల మేర వాడుకునే వీలు పోతుంది. ఎక్కడో తమిళనాడులో ఆగిన చెక్కు వల్ల మెట్టుపాలయంలో పన్నెండు మంది జీతాలు ఆగుతాయి. అందుకే మూడో ఉత్తరం మే 2నే వెళ్ళాలని పట్టుబట్టాను.

మూడో ఉత్తరం చదివేవాళ్ళు వేరు. అది ఫైనాన్స్ అధిపతి పేరున వెళ్ళింది. అతని వెనక ఇంకొకరు ఉన్నారు: వాళ్ళ ఆడిటరు. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఎంత బాకీ ఉందో, దాని మీద వడ్డీ ఎంతో ఆడిట్ అయ్యే కంపెనీలు తమ వార్షిక లెక్కల్లో చూపాలని అదే చట్టం చెబుతుంది. 2023 ఫైనాన్స్ చట్టం తెచ్చిన ఆదాయపు పన్ను మార్పు కూడా అప్పుడే మొదటిసారి తగులుతోంది. చట్టం పెట్టిన గడువు లోపల ఈ సంస్థలకు చెల్లించని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదు, చెల్లించిన ఏడాదిలోనే చూపుకోవాలి. మన బిల్లు గడువు మార్చి 21, ఏడాది ముగిసింది మార్చి 31. ఇవన్నీ ఆడిటరుకు బాగా తెలుసు. అతనికి మనం నేర్పక్కర్లేదు, కాగితం అందిస్తే చాలు.

కాబట్టి మూడో ఉత్తరంలో విశేషణాలు పోయి అంకెలు వచ్చాయి. "ఏప్రిల్ 15 నాటి మీ మెయిల్‌లో ఏప్రిల్ 30న చెల్లిస్తామన్నారు. మే 2 ఉదయానికి జమ కాలేదు. మాది ఉద్యం నమోదు ఉన్న సూక్ష్మ సంస్థ. 2006 చట్టం 15, 16 సెక్షన్ల ప్రకారం మార్చి 22 నుంచి వడ్డీ లెక్కకు వస్తుంది. ఏప్రిల్ 21 వరకు ఒక నెల వడ్డీ రూ. 6,750. మే 13లోగా అసలు మొత్తం జమ అయితే వడ్డీ విషయం మాట్లాడుకోవచ్చు. ఈ బిల్లు తేలేవరకు కొత్త ఆర్డర్లకు ముందస్తు చెల్లింపు మీదే సరుకు పంపగలం."

ఈ 6,750 ఎక్కడిదో చెప్పాలి, ఎందుకంటే ఈ లెక్క తప్పితే ఉత్తరం బరువంతా పోతుంది. ఆలస్యమైన మొత్తం మీద రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలని చట్టం. అప్పుడు బ్యాంక్ రేటు 6.75 శాతం. మూడు రెట్లు 20.25 శాతం. 4 లక్షల మీద ఏడాదికి 81,000, నెలకు 6,750. రెండో నెల 4,06,750 మీద లెక్క కాబట్టి రెండు నెలలకు 13,614 అవుతుంది. బ్యాంక్ రేటు మారుతూ ఉంటుంది, మీ ఉత్తరం రాసేనాటి రేటు చూసి వేసుకోండి. ఇంకో సంగతి: కొందరు కొనుగోలుదారులు ఆర్డరులో 60 రోజులు, 90 రోజులు అని రాయించుకుంటారు. ఎంత రాయించుకున్నా ఈ చట్టం కింద 45 రోజులు దాటడానికి వీల్లేదు. రాతకోతలు ఏమీ లేకపోతే గడువు 15 రోజులే.

ఆ ఉత్తరం మీద సంతకం పెట్టేముందు ఆవిడ ఆగిపోయారు. "సార్, ఇది పంపితే ఇక ఆర్డర్లు ఇవ్వరేమో." ఇది ఉత్త భయం కాదు. నేను ఇస్తారని హామీ ఇవ్వలేదు. "అమ్మా, ఇప్పటికే 4 లక్షలు అప్పుగా ఇచ్చారు. ఇంకో ఆర్డరు అప్పు మీద ఇస్తే అది 8 లక్షలవుతుంది. అలాంటి ఆర్డరు పోతే ఎంత నష్టమో లెక్క వేసుకోండి" అన్నాను. ఆవిడ ఆ రాత్రి ఇంట్లో లెక్క వేసుకున్నారు. పొద్దున్నే సంతకం పెట్టి పంపారు.

మూడో ఉత్తరంలో వడ్డీ గురించి మాట్లాడుకోవచ్చు అన్న వాక్యం గమనించండి. తలుపు కొంచెం తెరిచి ఉంచిన వాక్యం అది. అది లేకపోతే మూడో ఉత్తరమే ఆఖరిది అయిపోతుంది, నాలుగోదానికి చెప్పడానికి ఏమీ మిగలదు.

మే 13 కూడా దాటింది. నాలుగో ఉత్తరం మే 27న డైరెక్టర్ల పేరున, అందినట్టు రసీదు వచ్చే పోస్టులోనూ మెయిల్‌లోనూ వెళ్ళింది. దీన్ని చదివేది డైరెక్టరు ఒక్కడే కాదు. రేపు సూక్ష్మ, చిన్న సంస్థల ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందు కూర్చునే సభ్యులు కూడా చదువుతారు. వాళ్ళకు మన కోపంతో పని లేదు, ఏది ఎప్పుడు జరిగిందో తెలియాలి. అందుకే ఆ ఉత్తరం దాదాపు తేదీల పట్టికలా ఉంటుంది. సరుకు ఏ రోజు దిగింది, గడువు ఏనాడు, ఏ ఉత్తరం ఎప్పుడు, వాళ్ళ మెయిల్ ఎప్పుడు, మే 21 వరకు అసలు వడ్డీ కలిపి రూ. 4,13,614. చివర ఒకే వాక్యం: "జూన్ 11లోగా ఈ మొత్తం జమ కాకపోతే, జూన్ 12న పుదుచ్చేరి ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో దరఖాస్తు దాఖలు చేస్తాం."

"తీవ్ర చర్యలు తీసుకుంటాం", "పరిణామాలకు మీరే బాధ్యులు" లాంటి మాటలు అందులో లేవు. అలాంటి మాటలు రాసేవాళ్ళకు ఏం చేయాలో తెలియదని చదివేవాళ్ళు పసిగడతారు. ఏ రోజు, ఎక్కడ, ఏం చేస్తామో చెబితే ఇక భయపెట్టక్కర్లేదు. కానీ ఒక షరతు ఉంది. చెప్పిన రోజున చెప్పిన పని చేసి తీరాలి. ఆవిడ ఆ ఉత్తరం పోస్టు చేసేముందే దరఖాస్తుకు కావలసిన కాగితాలన్నీ సిద్ధం చేసుకున్నారు. జూన్ 12న ఏమీ చేయకపోతే ఈ ఉత్తరం కూడా ఆ పాత అయిదు ప్రార్థనల్లో ఆరోది అవుతుంది.

కొన్నవాళ్ళు తమిళనాడులో ఉంటే పుదుచ్చేరి కౌన్సిల్ ఎలా వింటుందని ఇక్కడ చాలామంది అడుగుతారు. అమ్మినవాళ్ళు ఎక్కడ ఉంటే ఆ ప్రాంతపు కౌన్సిల్‌కే అధికారం. కొన్నవాళ్ళు దేశంలో ఎక్కడున్నా సరే. సరిహద్దు దాటి నాలుగడుగులు వేస్తే తమిళనాడు వచ్చే మన ఊరికి ఇది పెద్ద వెసులుబాటు.

ఏం జరిగిందంటే, జూన్ 7న 2 లక్షలు జమ అయ్యాయి. మిగతాది జూలైలో ఇస్తామని డైరెక్టరే ఫోను చేశాడు. ఆవిడ ఫోనులో సరేనని, వెంటనే మెయిల్ రాశారు: "జూలై 10లోగా మిగతా 2 లక్షలు జమ అయితే వడ్డీ వదులుకుంటాం, లేకపోతే వడ్డీతో సహా 11న దాఖలు చేస్తాం." జూలై 8న డబ్బు వచ్చింది. ఇరవై వేలకు పైగా వడ్డీ ఆవిడ వదులుకున్నారు. అది ఓటమి అని నేను అనుకోను. వడ్డీ అంకె మూడో ఉత్తరంలో కాగితం మీదకు రాకపోయి ఉంటే వదులుకోవడానికి ఆవిడ చేతిలో ఏమీ ఉండేది కాదు. ఆ కంపెనీ మళ్ళీ ఆర్డరు ఇచ్చింది. మునుపటికంటే చిన్నది, 30 రోజుల గడువు మీద.

ఇది అన్నిచోట్లా ఇలాగే ముగుస్తుందని అనుకోకండి. కొన్న కంపెనీయే మునుగుతూ ఉంటే ఏ ఉత్తరమూ డబ్బు తేలేదు. అప్పుడు ఆలస్యం చేయకుండా లాయరును కలవాలి. కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతుంది, కానీ అంతకంటే ఎక్కువ పట్టవచ్చని మనసులో ఉంచుకోండి. ఆలస్యపు చెల్లింపుల ఈ రక్షణ సూక్ష్మ, చిన్న సంస్థలకే. మధ్య తరహా సంస్థలకు లేదు. ఉద్యం నమోదు ఉన్నా కేవలం కొని అమ్మే వ్యాపారులకు ఇది వర్తించదు. నమోదు సరుకు పంపకముందే అయి ఉండటం మంచిది. బాకీ పడ్డాక నమోదు చేసుకుని పాత బిల్లుకు వర్తింపజేయాలంటే చిక్కులు రావచ్చు. అర్హత లేనివాళ్ళు మూడో ఉత్తరంలో ఈ సెక్షన్లు రాయకండి, ఒప్పందంలో రాసుకున్న వడ్డీనే అడగండి.

చివరగా మన సిబ్బందికి ఒక పని. ప్రతి నెలా స్టాక్ స్టేట్‌మెంటుతో పాటు బకాయిదారుల జాబితా వస్తుంది. అందులో 60 రోజులు దాటిన గడి కనిపిస్తే, మార్జిన్ వేసి పక్కన పెట్టకుండా ఖాతాదారుకు ఒక ఫోను చేయండి. "రెండో ఉత్తరం వెళ్ళిందా? వాళ్ళ నుంచి రాతలో ఏమైనా వచ్చిందా?" అని అడగండి. ఉత్తరం మనం రాసిపెట్టకూడదు, అది వాళ్ళ వ్యవహారం. కానీ ఆ ప్రశ్న 90వ రోజున అడిగితే ఆలస్యమవుతుంది, 60వ రోజున అడిగితే ఇంకా ఒక నెల చేతిలో ఉంటుంది.

ఖాతాదారులకు చెప్పేది కూడా ఒకటే. ఈ సాయంత్రం ఇంటికి వెళ్ళాక మీ బకాయి ఫైలు తెరవండి. వరసగా రెండు ఉత్తరాలు ఒకేలా కనిపిస్తే, మూడోది రాసేముందు దాన్ని ఎవరు చదువుతారో ఒక్క నిమిషం ఆలోచించండి.